కాఫీ తోటలో 68 జాతులు, అడవిలో 61: ఈ పక్షుల పేపర్‌కి న్యాయమైన రివ్యూ ఎలా రాయాలి?

పికిలిపిట్ట

నమస్కారమండి. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నాతో పీజీ చదివిన స్నేహితురాలు పాడేరు వైపు కొండల్లో ఆరు నెలలు పక్షుల్ని లెక్కపెట్టి ఒక పేపర్ రాసింది. వచ్చే నెల పత్రికకు పంపుతుంది. పంపేముందు నాకిచ్చి, "నేను నీకు తెలుసన్న సంగతి మర్చిపో. ముక్కూమొహం తెలియని రివ్యూయర్ ఎలా రాస్తాడో అలా రాసిపెట్టు" అంది. వివరాలు ఇక్కడ పెట్టడానికి ఒప్పుకుంది, తోటల పేర్లూ ఊళ్ల పేర్లూ మాత్రం వద్దంది.

పేపర్ సంగతి ఇది. రెండు కాఫీ తోటలు, రెండు అడవి ముక్కలు. ఒక్కో చోట 10 పాయింట్లు, మొత్తం 40. ఒక్కో పాయింట్ దగ్గర నాలుగు ఉదయాలు, ప్రతిసారీ పది నిమిషాలు నిలబడి, 50 మీటర్ల లోపు కనపడిన, వినపడిన పక్షులన్నీ రాసుకుంది. అంటే 160 కౌంట్లు. కాఫీ తోటల్లో 68 జాతులు, అడవిలో 61. పాయింటుకు సగటు కాఫీలో 14.2, అడవిలో 11.6, పి విలువ 0.003, అంటే నిజంగా తేడా లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనపడే అవకాశం వెయ్యికి మూడు. వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచిక 3.41, 3.38, దాదాపు ఒకటే. చివరి పేరాలో ఇలా ఉంది: "కాఫీ తోటలు అడవితో సమానంగా పక్షి వైవిధ్యాన్ని కాపాడుతున్నాయి. కాబట్టి కాఫీ సాగు పెరిగినా పక్షులకు నష్టం లేదు."

నాకు కనపడిన ఇబ్బందులు రెండు. కాఫీ తోటల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా లెక్కపెట్టింది, అడవిలో మార్చి ఆఖరు నుంచి మే దాకా. అడవిలోకి వెళ్లడానికి అనుమతి కాగితం ఆలస్యంగా వచ్చిందట. రెండోది, 40 పాయింట్లని 40 విడివిడి నమూనాలుగా తీసుకుంది, కానీ చోట్లు నాలుగే.

నా రిపోర్టు మొదటి వాక్యం "ఈ అధ్యయనం పునాదిలోనే తప్పు" అని రాశాను. మర్నాడు చదువుకుంటే నాకే మనసొప్పలేదు. తెల్లవారకముందే లేచి కొండెక్కిన మనిషి పని అది. అలాగని తప్పుని చూసీచూడనట్టు వదిలేస్తే అసలు రివ్యూయర్ వదలడు కదా. ఇలాంటి పేపర్‌కి ఏం అడగాలి, ఏం అడగకూడదు? రిజెక్ట్ అనాలా?

డేటా_కిరణ్

పికిలిపిట్ట గారూ, ఇది రిజెక్ట్ చేసేంత విషయం కాదండి. నేను హైదరాబాద్‌లో డేటా పని చేస్తాను, పక్షులు నాకంతగా తెలియవు కానీ ఈ తరహా డేటా రోజూ చూస్తాను. చోటు ప్రభావాన్ని మోడల్లో పెట్టేస్తే సరిపోతుంది.

```r
library(lme4)
m <- glmer(richness ~ habitat + (1 | site/point),
           family = poisson, data = d)
```

నాలుగు చోట్లనే సంగతి మోడల్ చూసుకుంటుంది. జాతుల మొత్తం పోల్చడానికి రేర్‌ఫాక్షన్ చెయ్యమనండి, అంటే రెండు వైపులా సమాన సంఖ్యలో పిట్టల్ని తీసుకుంటే ఎన్ని జాతులు వస్తాయో చూసే లెక్క. అరగంట పని. "మైనర్ రివిజన్" చాలు.

సిల్వర్‌ఓక్_నీడ

నేను కాఫీ రైతునండి, ఏజెన్సీలోనే. ఇది చదివితే బాధేసింది. మా తోటల్లో పిట్టలు లేవని రాయిస్తారా ఇప్పుడు? పొద్దున్నే తోటలోకెళితే చెవులు పట్టవు, అంత గోల. సిల్వర్ ఓక్ మీదకి మిరియం తీగ పాకించిన చోట వడ్రంగి పిట్టలు చూడండి ఎన్నున్నాయో. పనసచెట్టు, మామిడిచెట్టు ఉంచుకున్న తోట వేరు, ఒట్టి సిల్వర్ ఓక్ తోట వేరు. ఆవిడ ఏ తోటలో లెక్కపెట్టింది? ఇంకో మాట. డిసెంబరు, జనవరి అంటే మాకు పండు కోతలు. తోట నిండా కూలీలు ఉంటారు, మాటలు, పాటలు. అప్పుడు పిట్టలు లెక్కపెట్టడమేటి?

కొండగాలి

సిల్వర్‌ఓక్_నీడ గారూ, మీ తోటల్లో పిట్టలు లేవని ఇక్కడ ఎవరూ అనడం లేదండి. పేపర్ మీ వైపే మాట్లాడుతోంది. ఆ మాట అనడానికి తగినంత ఆధారం ఉందా అనేదే చర్చ. కానీ మీరన్న రెండు సంగతులూ రివ్యూలో ఉండాల్సినవే. నీడచెట్లు ఏవి, కోతలు జరుగుతున్నాయా అన్నది పేపర్లో ఎక్కడా లేదని పికిలిపిట్ట గారి మాటల్ని బట్టి అనుకుంటున్నాను. అవి రాయమని అడగడం తేలిక, రచయిత జవాబు చెప్పడమూ తేలిక.

నేను ఇరవై ఏళ్లుగా ఇలాంటి పేపర్లు చూస్తున్నాను. రిపోర్టు మొదలుపెట్టేముందు ఒక పని చేస్తాను. పేపర్లో అన్నిటికన్నా పెద్ద వాక్యం ఏదో పట్టుకుంటాను. ఇక్కడ అది చివరి పేరాలో ఉంది. ఆ వాక్యం నిజమవ్వాలంటే ఏమేం నిజమై ఉండాలో వెనక్కి నడుచుకుంటూ వస్తాను. అప్పుడు అన్ని లోపాలూ ఒకే బరువుగా కనపడవు.

మొదటి బరువు ఋతువుది. మీరు దాన్ని రెంటిలో ఒకటిగా రాశారు, నేనైతే అన్నిటికన్నా ముందు పెడతాను. కాఫీ అంటే చలికాలం, అడవి అంటే ఎండాకాలం అయిపోయింది. 14.2కీ 11.6కీ మధ్య తేడా కాఫీదా, చలికాలానిదా అని ఈ డేటాని ఎన్ని రకాలుగా తిప్పినా చెప్పలేం. చలికాలంలో ఆ కొండలకి వలస పిట్టలు దిగుతాయి. గ్రీనిష్ వార్బ్లర్, బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, ఆలివ్ బ్యాక్డ్ పిపిట్, గ్రే వాగ్‌టైల్, రోజ్‌ఫించ్. ఏప్రిల్ గడిచేసరికి చాలావరకు వెళ్లిపోతాయి. ఆమె దగ్గర జాతుల జాబితా ఉంటే వలస వచ్చినవి ఎన్నో రెండు వైపులా లెక్కపెట్టి చెప్పండి. ఆ ఒక్క లెక్క రిపోర్టుకి ప్రాణం.

పికిలిపిట్ట

కొండగాలి సార్, అనుబంధంలో జాబితా ఉంది. ఇప్పుడే కూర్చుని గీతలు పెట్టాను. కాఫీ 68లో చలికాలపు అతిథులు 14. అడవి 61లో 2. అవి తీసేస్తే స్థానిక జాతులు కాఫీలో 54, అడవిలో 59.

తలకిందులైపోయింది! ఈ లెక్క చూశాక నిజంగా కాసేపు అలా కూర్చుండిపోయాను.

డేటా_కిరణ్

అయితే ఇంకేం, దారి దొరికింది కదా. వలస పిట్టల్ని తీసేసి, స్థానిక జాతులతో మళ్లీ విశ్లేషణ చేసి, అడవిలో ఎక్కువున్నాయని రాసుకోమనండి. ఋతువు సమస్య పోయింది.

కొండగాలి

కిరణ్ గారూ, సగం నిజం. వలస పిట్టల్ని తీసేస్తే జాబితాలోంచి ఋతువు పోతుంది కానీ చెవిలోంచి పోదు. ఏప్రిల్, మే నెలల్లో స్థానిక పిట్టలు గూళ్ల కాలంలో ఉంటాయి, గొంతెత్తి కూస్తాయి. జనవరిలో అదే పిట్ట అదే కొమ్మ మీద నోరెత్తకుండా కూర్చుంటుంది. దట్టమైన అడవిలో మనం సగానికి పైగా చెవితోనే లెక్కపెడతాం. అంటే ఇప్పుడు 59 అన్న సంఖ్య కూతల కాలం వల్ల పెరిగి ఉండొచ్చు. మొదట ఋతువు కాఫీ వైపు మొగ్గింది, వలస పిట్టల్ని తీసేశాక అడవి వైపు మొగ్గుతుంది. అందుకే రచయిత్రిని "ఫలితం తలకిందులు చేసి రాయండి" అనడం కూడా అన్యాయమే. "మీ ఫలితం ఈ ఒక్క ఎంపిక మీద ఇంత తిరగబడుతోంది, ఆ సంగతి పాఠకుడికి చూపించండి" అనాలి.

రేర్‌ఫాక్షన్ గురించి. రెండు చోట్లా చూసిన పిట్టల సంఖ్య ఒకటి కాకపోతే దాన్ని సరిచెయ్యడానికి అది పనికొస్తుంది, చెయ్యమనండి. కాఫీలో తెరపిగా ఉండి 50 మీటర్లు కనపడి, అడవిలో పొదలు అడ్డమొచ్చి 25 మీటర్లే అందితే అది సరిచెయ్యలేదు. 50 మీటర్ల వృత్తం 7,850 చదరపు మీటర్లు. 25 మీటర్లది 1,960 చదరపు మీటర్ల చిల్లర. దూరం సగమైతే నేల పావు. పిట్టల సాంద్రత రెండు చోట్లా సమానమే అయినా, కాఫీ పాయింట్లో ఎనిమిది కనపడితే అడవి పాయింట్లో రెండే కనపడతాయి. కాబట్టి పాయింటు సగటుల తేడాలో ఎంత పక్షులది, ఎంత కంటిచూపుది అని అడగాలి. పికిలిపిట్ట గారూ, ఆమె ఒక్కో పిట్ట ఎంత దూరంలో ఉందో రాసుకుందా?

వెంకటలక్ష్మి_చిత్తడినేల

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా అనుభవం ఒకటి చెప్పాలి. చెరువుల్లో నీటి పక్షుల మీద నా మొదటి పేపర్‌కి వచ్చిన రిపోర్టు మొత్తం నాలుగు వాక్యాలు. అందులో ఒకటి "రచయితకి గణాంకశాస్త్రం ప్రాథమికంగా కూడా తెలియదు". ఏది తప్పో లేదు, ఎలా దిద్దాలో లేదు. ఏడాది పాటు ఆ ఫైలు తెరవలేదు. తర్వాత ఇంకొకరు చూసి, చెరువుల విస్తీర్ణం లెక్కలోకి తీసుకోలేదని ఒకే ఒక్క మాట చెబితే వారంలో దిద్దుకున్నాను. పెద్ద చెరువులో ఎక్కువ జాతులు ఉంటాయి, నేను దాన్ని నీటి నాణ్యత గొప్పగా రాసుకున్నాను. అంతే తప్పు.

మీ మొదటి వాక్యం తీసెయ్యండి పికిలిపిట్ట గారూ. మీ స్నేహితురాలని కాదు, ఎవరికైనా. "పునాదిలోనే తప్పు" అంటే చదివినవాళ్లకి ఎక్కడ తవ్వాలో తెలియదు.

పికిలిపిట్ట

తీసేశాను అక్కా. మీ మాటే నన్ను ఇక్కడికి తెచ్చింది అనుకోండి.

సార్, మీరడిగింది ఆమెని ఫోన్లో అడిగాను. మీటర్లు రాసుకోలేదట. కానీ నోట్ బుక్ ఫొటోలు పంపింది. ప్రతి పిట్ట పేరు పక్కన పెన్సిల్‌తో "ద" అనో "దూ" అనో ఉంది. దగ్గర, దూరం. ఎంతవరకు దగ్గర అంటే "పొరపాటు లేకుండా గుర్తుపట్టేంత" అంది. ఇంకో గుర్తు కూడా ఉంది, చూసినదానికి చుక్క, విన్నదానికి గీత. అడవి పేజీలు దాదాపు గీతలే. ఒక పేజీలో పదకొండు పేర్లుంటే తొమ్మిదింటికి గీత.

ఇవేవీ పేపర్లో లేవు! ఎందుకు రాయలేదంటే, "ఇవన్నీ నా సౌకర్యం కోసం పెట్టుకున్న గుర్తులు, పేపర్లో ఎవరు చూస్తారు" అంది.

కొండగాలి

అవే బంగారం. "ద" గుర్తుకి మీటర్ల కొలత లేదు కాబట్టి దూరాన్ని బట్టి సాంద్రత కట్టే పద్ధతులు ఇక్కడ నడవవు, ఆ ఆశ పెట్టొద్దు. అయితే "ద" మాత్రమే తీసుకుని రెండు ఆవాసాల్నీ ఇంకోసారి పోల్చమని అడగొచ్చు. తేడా నిలిస్తే కొంత ధైర్యం, పోతే ఆ సంగతి రాయాలి. చూసినవి, విన్నవి నిష్పత్తి ఒక చిన్న పట్టికగా వేస్తే పాఠకుడే అర్థం చేసుకుంటాడు. కొత్తగా కొండెక్కనక్కర్లేదు. రివ్యూయర్ అడిగే పనుల్లో రచయిత చేతిలో ఉన్నదానితో అయ్యేవి ముందు వెతకాలి.

ఇక నాలుగు చోట్ల సంగతి. దీని మీద హర్ల్‌బర్ట్ 1984లో రాసిన వ్యాసం వచ్చి నలభై ఏళ్లు దాటింది, ఒకే చోటి కొలతల్ని విడివిడి నమూనాలుగా లెక్కపెట్టడానికి సూడోరెప్లికేషన్ అన్న మాట అప్పటి నుంచే వాడుకలోకి వచ్చింది. ఆ మాట ఒక్కటి విసిరేసి పోయే రివ్యూలు చాలా చూశాను. విసరకుండా లెక్క చేసి చూపిద్దాం.

ప్రశ్న కాఫీ తోటలకీ అడవికీ మధ్య తేడా ఉందా అని. దానికి నమూనా తోట, పాయింట్ కాదు. ఒకే తోటలో 150 మీటర్ల దూరంలో ఉన్న పది పాయింట్లు ఆ తోట గురించి బాగా చెబుతాయి, ఇంకో తోట గురించి ఏమీ చెప్పవు. నాలుగు చోట్లకీ నాలుగు సగటులు తీసుకోండి. క, ఖ, గ, ఘ అనుకుందాం. ఇందులో ఏ రెంటికి "కాఫీ" చీటీ అంటించొచ్చు? కఖ, కగ, కఘ, ఖగ, ఖఘ, గఘ. ఆరే రకాలు. అసలు చీటీలతో వచ్చిన తేడా ఆరింటిలో అన్నిటికన్నా పెద్దదే అనుకోండి. చీటీలు సరిగ్గా తిరగేస్తే అంతే తేడా అటువైపు వస్తుంది. ఆరింటిలో రెండు. అంటే పి విలువ 0.33 కన్నా తగ్గే వీలే లేదు. కాఫీలో వంద జాతులుండి అడవిలో పదే ఉన్నా ఇంతే. 0.003 అన్న సంఖ్య ఎక్కడిదంటే, పాయింట్లని తోటలుగా లెక్కపెట్టడం వల్ల వచ్చింది.

డేటా_కిరణ్

ఈ ఆరు చీటీల లెక్క చాలా బావుంది సార్, నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు. కానీ మిక్స్‌డ్ మోడల్ ఈ పనికే కదా ఉన్నది? `(1 | site)` పెడితే పాయింట్లు ఒక చోటివని దానికి తెలుస్తుంది. పైగా ఇలాంటి డేటా తయారుచేసి నడిపి చూశాను. అప్పుడప్పుడూ ఈ మెసేజ్ వచ్చింది, కానీ హాబిటాట్ తేడా మాత్రం గట్టిగానే వచ్చింది.

```
boundary (singular) fit: see help('isSingular')
```

కొండగాలి

ఆ మెసేజ్ దగ్గరే ఆగాలి కిరణ్ గారూ. ఒక్కో రకానికి రెండే చోట్లు ఉన్నప్పుడు చోటుకీ చోటుకీ మధ్య ఎంత తేడా ఉంటుందో మోడల్ అంచనా కట్టలేదు. చాలాసార్లు సున్నా అని తేల్చేస్తుంది. ఆ మెసేజ్ అర్థం అదే. చోట్ల మధ్య తేడా లేదని కాదు, కొలవడానికి చోట్లు చాలలేదని. సున్నా అయ్యాక మోడల్ మళ్లీ పాయింట్లనే నమూనాలుగా లెక్కపెడుతుంది. మనం తలుపు మూశామనుకుంటాం, కిటికీలోంచి అదే లోపలికి వచ్చింది. అందుకే మీకు తేడా "గట్టిగా" కనపడింది.

మోడల్ పెట్టొద్దని కాదు. పెట్టినా ఆ నాలుగు నాలుగే అని పేపర్లో రాయాలి. రివ్యూయర్ "మిక్స్‌డ్ మోడల్ వాడండి" అని ఒక్క వాక్యం రాసి పంపేస్తే, రచయిత పెడుతుంది, పి విలువ చిన్నదే వస్తుంది, అందరూ సమస్య తీరిందనుకుంటారు. చేసిన మేలు ఏమీ ఉండదు.

తూర్పుకనుమ

రోజూ చదువుతాను, రాయడం తక్కువ. విశాఖ వైపు ముప్పై ఏళ్లుగా బైనాక్యులర్లు పట్టుకుని తిరుగుతున్నాను. లెక్కల సంగతి మీరు చూసుకుంటున్నారు, నేను పిట్టల సంగతి చెబుతాను.

ఋతువు విషయం ఆ కొండలకి కొత్తది కాదు. లంబసింగి ప్రాంతంలో పక్షుల ఋతువారీ రాకపోకల మీద ట్రెవర్ ప్రైస్ రాసిన పెద్ద వ్యాసం 1979లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో వచ్చింది. మన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు, రిప్లీ, బీలర్ కలిసి విశాఖ కనుమల పక్షుల మీద అదే జర్నల్లో 1987లో రాశారు. ఈ పేపర్ రచయిత్రి వాటిని చూసి ఉంటే డిజైన్లో ఋతువుని ఇలా వదిలేది కాదు. రివ్యూలో ఈ మాట తప్పకుండా రాయండి, కానీ నిందలా కాదు, చేతికందేలా.

రెండోది, ఆ షానన్ సూచిక. 3.41, 3.38 ఒకటే కాబట్టి వైవిధ్యం సమానం అనడం నాకు మింగుడు పడదు. ఆ సూచికకి ఏ పిట్ట అనేది తెలియదు, ఎన్ని రకాలు, ఎంత సమంగా ఉన్నాయి అన్నదే తెలుసు. పికిలిపిట్ట, గోరువంక, తేనెపిట్ట నిండిన తోటకీ, మలబార్ ట్రోగన్, అబాట్స్ బాబ్లర్, విజిలింగ్ థ్రష్ ఉన్న లోయకీ ఒకే సంఖ్య రావచ్చు. ఆ రెండూ ఒకటేనని ఆ కొండలు ఎరిగిన ఏ మనిషీ అనడు. ఏ జాతులు రెండు చోట్లా ఉన్నాయో, ఏవి ఒక్క చోటే ఉన్నాయో అడగండి.

పికిలిపిట్ట

స్థానిక జాతుల్లో రెండు చోట్లా ఉన్నవి 41. కాఫీలోనే ఉన్నవి 13, అడవిలోనే ఉన్నవి 18. మీరన్న మూడింటిలో ట్రోగన్, అబాట్స్ బాబ్లర్ అడవి జాబితాలోనే ఉన్నాయి. విజిలింగ్ థ్రష్ రెండింటిలోనూ ఉంది, కాఫీ తోట పక్కన వాగు ఉందట.

తూర్పుకనుమ

చూశారా, 18 జాతులు! కాఫీ పెరిగితే ఆ పద్దెనిమిదీ పోతాయని రివ్యూలో గట్టిగా రాయండి.

కొండగాలి

అన్నా, అక్కడ మనం జాగ్రత్తపడాలి. రచయిత్రిని ఏ తప్పు చేసిందంటున్నామో అదే తప్పు రివ్యూలో మనం చెయ్యకూడదు. ఆ పద్దెనిమిదిలో ఒకటి రెండు సార్లే కనపడినవి ఎన్ని?

పికిలిపిట్ట

తొమ్మిది సార్. ట్రోగన్ ఒక్కసారే, అదీ విన్నది.

కొండగాలి

అంటే సగం. 80 కౌంట్లలో ఒక్కసారి వినపడిన పిట్ట పక్క తోటలో 80 కౌంట్లలో వినపడకపోవడం వింతేమీ కాదు. అదీ కూయని జనవరిలో. మిగతా తొమ్మిది గురించి మాట్లాడుకోవచ్చు, అవి అడవిలో పదే పదే కనపడి కాఫీలో ఒక్కసారీ కనపడలేదు కాబట్టి. జాతుల కూర్పు చూపించమని అడుగుదాం, నష్టం తేల్చేయొద్దు.

చివరి వాక్యంలో ఇంకో చిక్కుంది, ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. "కాపాడుతున్నాయి", "సాగు పెరిగినా నష్టం లేదు". పికిలిపిట్ట గారూ, తోటలకీ అడవికీ మధ్య దూరమెంత?

పికిలిపిట్ట

మ్యాప్ మీద కొలిచాను, దగ్గరి తోట నుంచి అడవి అంచు 400 మీటర్లు. రెండోది కిలోమీటరు లోపే. తోటలు 900 మీటర్ల ఎత్తులో, అడవి ముక్కలు 1,100 నుంచి 1,200 మధ్య ఉన్నాయి.

కొండగాలి

ఎత్తు సంగతి కూడా తేలింది, అదీ ఋతువులాగే ఆవాసంతో పెనవేసుకుపోయింది. కానీ నాకు 400 మీటర్లు ఇంకా ముఖ్యం. తోటలో కనపడిన పిట్టల్లో కొన్ని పక్క అడవిలో గూడు కట్టుకుని పొద్దున్నే మేతకి తోటలోకి వస్తున్నాయేమో. వడ్రంగి పిట్టలు, ఏట్రింతలు అలా వస్తాయి. అలాంటప్పుడు తోటలోని వైవిధ్యం అడవి పక్కనుండటం వల్ల. సాగు పెరిగి ఆ అడవి ముక్క పోతే తోటలోనూ తగ్గొచ్చు. పేపర్ చెప్పినదానికి పూర్తిగా ఎదురు ఫలితం ఇదే డేటాకి సరిపోతుంది. ఏది నిజమో ఈ డేటా చెప్పదు. అందుకే చివరి పేరాలోని రెండో వాక్యం ఉంచడానికి వీల్లేదని నేనైతే స్పష్టంగా రాస్తాను. దిద్దమని అడగను, తీసెయ్యమంటాను. మొదటి వాక్యాన్ని "ఈ రెండు తోటల్లో, అడవికి దగ్గరగా, చలికాలంలో ఇన్ని జాతులు కనపడ్డాయి" అని కుదించమంటాను.

సిల్వర్‌ఓక్_నీడ

ఇప్పుడు అర్థమైంది సార్. మా తోటకి అడవి అంచు ఫర్లాంగు కూడా లేదు. సాయంత్రం పిట్టలు అటేపే పోతాయి, నేనే చూశాను. ఎవరైనా సాయంత్రం కూడా లెక్కపెడితే తెలుస్తుందేమో కదా? పొద్దున్న ఒకటే ఎందుకు పెడతారు?

కొండగాలి

మంచి ప్రశ్న. పొద్దున్న చురుగ్గా ఉంటాయని పెడతారు. కానీ ఏ పిట్ట ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ గూడు పెడుతుంది అన్నది పొద్దుటి కౌంట్‌లో తెలియదు. ఈ పేపర్‌కి అది అడగడం అన్యాయం, వేరే అధ్యయనం అవుతుంది. మీలాంటివాళ్లు రోజూ చూసేది ఎవరైనా రాసిపెట్టుకుంటే బావుండును.

పికిలిపిట్ట

రాత్రి కూర్చుని రిపోర్టు మళ్లీ రాశాను. ఇంగ్లీషులో ఉంది, ముఖ్యమైన భాగం తెలుగులో పెడుతున్నాను, చూసి చెప్పండి.

"ఈ పేపర్లో 160 పాయింట్ కౌంట్లు ఉన్నాయి, ప్రతి పరిశీలనకూ చూసినదా విన్నదా అన్న గుర్తు రచయిత్రి నోట్ బుక్‌లో ఉంది. ఈ కొండల నుంచి ఇంత వివరంగా నమోదైన డేటా అచ్చు కావాలని కోరుకుంటున్నాను. అయితే ప్రస్తుత ముగింపును ఈ డేటా మోయలేదు. కాఫీ తోటల కౌంట్లన్నీ చలికాలంలో, అడవి కౌంట్లన్నీ ఎండాకాలంలో జరిగాయి కాబట్టి ఆవాసం ప్రభావాన్ని ఋతువు నుంచి విడదీయలేం. అనుబంధంలోని జాబితాలో వలస జాతుల్ని తీసేస్తే 68, 61 అన్నవి 54, 59 అవుతాయి. రెండు లెక్కలనూ పక్కపక్కన చూపించి, రెండింటికీ ఉన్న పరిమితులు రాయవలసిందిగా కోరుతున్నాను. ఆవాసానికి రెండు చోట్లే ఉన్నందున పాయింట్ల మీద చేసిన పరీక్ష, దాని పి విలువ తొలగించాలి. నాలుగు చోట్ల ఫలితాలనూ విడివిడిగా బొమ్మలో చూపిస్తే ఒకే రకం ఆవాసంలో చోటుకీ చోటుకీ ఎంత తేడా ఉందో పాఠకుడికి తెలుస్తుంది. దగ్గర, దూరం గుర్తుల ఆధారంగా దగ్గరి పరిశీలనలతో ఇంకోసారి పోల్చాలి. సాగు విస్తరణ గురించిన వాక్యం తొలగించాలి, ఎందుకంటే తోటలు అడవికి కిలోమీటరు లోపే ఉన్నాయి. నీడచెట్ల జాతులు, కౌంట్ల సమయంలో కోతలు జరిగాయా అన్నది, ఎత్తు, పద్ధతుల భాగంలో చేర్చాలి."

ఆఖర్న మేజర్ రివిజన్ అని రాశాను. ఒకచోట ఆగిపోయాను. అడవిలో చలికాలం కౌంట్లు ఇంకో ఏడాది చెయ్యమని అడగాలా?

వెంకటలక్ష్మి_చిత్తడినేల

ఇలాంటి రిపోర్టు నాకు ఆ రోజు వచ్చి ఉంటే ఏడాది పోయేది కాదు. ఇంకో ఏడాది మాత్రం అడగొద్దండి. ఆమెకి డబ్బెవరిస్తారు? ముగింపు కుదించుకుంటే ఉన్న డేటా చాలు.

తూర్పుకనుమ

నేను ఒప్పుకోను. కుదించుకుంటే మిగిలేది ఒక జాబితా. జాబితాకి విలువుంది, నాకైతే చాలా ఉంది, కానీ పోలిక అని పేరు పెట్టి పోలిక లేకుండా అచ్చెయ్యడమెందుకు? ఒక్క జనవరి, ఇరవై పాయింట్లు, రెండేసి ఉదయాలు. అంతకన్నా అడగక్కర్లేదు. అది లేకపోతే నేనైతే రిజెక్ట్ అంటాను, మర్యాదగానే.

కొండగాలి

ఇద్దరి మాటా కాదనలేను. నేను సాధారణంగా ఎడిటర్‌కి రాసే విడి నోట్‌లో పెడతాను: చలికాలపు అడవి కౌంట్లు ఉంటే పోలికగా అచ్చెయ్యొచ్చు, లేకపోతే రెండు ఆవాసాల వర్ణనగా, శీర్షిక మార్చి. ఎంచుకునేది రచయిత, తేల్చేది ఎడిటర్. రిపోర్టులో ఒక్క చిన్న మార్పు. "పి విలువ తొలగించాలి" అన్నచోట ఆ ఆరు చీటీల లెక్క రెండు వాక్యాల్లో పెట్టండి. కారణం చూపించకపోతే ఆమెకి అది కోపంగా వినపడుతుంది.

పికిలిపిట్ట

పెట్టాను సార్. పొద్దున్న పంపేశాను, మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఋతువు సంగతి తనకి మొదటి నుంచీ తెలుసట, అనుమతి కాగితం కోసం మూడు నెలలు తిరిగి ఇక చేసేదేమీ లేక అలా చేశానంది. ఎత్తు విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. 200 మీటర్ల తేడాకి పక్షులు మారవంటోంది. నాకు జవాబు తోచలేదు.

కానీ అసలు సంగతి వేరే. ఫోన్ పెట్టేముందు "జనవరిలో రెండో అడవి ముక్కలో, రోడ్డు పక్కన, అనుమతి అక్కర్లేని చోట ఎనిమిది పాయింట్లు చేశాను, పది కాలేదని పేపర్లో కలపలేదు" అంది. ఒక్కో పాయింటుకి ఒక్క ఉదయమే. ఆ పేజీలు రేపు స్కాన్ చేసి పంపుతుంది.

కొండగాలి

ఎనిమిది పాయింట్లా! ఒకే ఋతువులో రెండు ఆవాసాలూ ఉన్న డేటా ఆమె దగ్గర అదొక్కటే. తక్కువే, దాంతో ఏ పరీక్షా చెయ్యకండి. రోడ్డు పక్కన అంటే అంచు అడవి, అదీ రాయాలి. కానీ జనవరి కాఫీ కౌంట్లు, జనవరి అడవి కౌంట్లు పక్కపక్కన పెట్టి, ఆ ఎనిమిది పాయింట్లలో ఎన్ని వలస పిట్టలు వచ్చాయో ముందు చూడండి. పేజీలు రాగానే ఇక్కడ పెట్టండి. ఎత్తు గురించి తూర్పుకనుమ అన్న చెప్పాలి, ఆ వాలులో 900 దగ్గర కనపడి 1,100 దగ్గర కనపడని పిట్టలు ఏవో నాకన్నా ఆయనకే తెలుసు.

తూర్పుకనుమ

నోట్స్ వెతకాలి. రెండు రోజులు టైం ఇవ్వండి.